కీమో ఇచ్చి ఎన్నో రోజు? వికారం, తెల్లకణాలు, నోటి పుండ్ల మీద నర్సింగ్ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

కీమో డే కేర్‌కి పోస్టింగ్ మీద వచ్చే బీఎస్సీ, జీఎన్ఎం పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ నన్ను దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. అన్ని మందులూ, అన్ని దుష్ప్రభావాలూ ఇందులో లేవు. రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే ఏసీ అనే కాంబినేషన్‌ని, అంటే డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ కలిపి 21 రోజులకోసారి ఇచ్చే కోర్సుని పట్టుకుని, ఒకే పేషెంట్ వెంట నడుద్దాం. ఆవిడకి 46 ఏళ్లు, బరువు 52 కిలోలు, ఎత్తు 154 సెంటీమీటర్లు. మీ చదువు కోసం నేను కూర్చిన కేసు ఇది, కానీ ఇందులో జరిగే ప్రతిదీ వార్డులో జరిగేదే.

అసలు కీమో ఇస్తే ఈ మూడూ ఎందుకు వస్తాయి? క్యాన్సర్ రొమ్ములో ఉంటే నోరెందుకు పుండవుతుంది?

కీమో మందుకి క్యాన్సర్ కణమేదో మంచి కణమేదో తెలియదు. త్వరత్వరగా విడిపోయి పెరిగే కణం ఎక్కడున్నా దాన్ని దెబ్బ తీస్తుంది. మన ఒంట్లో అలా రోజూ కొత్తగా పుట్టే కణాలు ఎముక మజ్జలో ఉన్నాయి, నోటి నుంచి పేగుల దాకా లోపలి పొరలో ఉన్నాయి, జుట్టు కుదుళ్లలో ఉన్నాయి. మజ్జ దెబ్బతింటే తెల్లకణాలు పడిపోతాయి, నోటి లోపలి పొర దెబ్బతింటే పుండ్లు పడతాయి. వాంతుల సంగతి కొంచెం వేరు, అది కింద చెబుతాను.

మేడమ్, పేషెంట్ ఫోన్ చేస్తే మీరు ముందు "ఎన్నో రోజు?" అనే అడుగుతారు. ఎందుకు?

ఈ మూడు సమస్యలకీ దేని రోజులు దానికి ఉన్నాయి కాబట్టి. మందు ఎక్కించిన రోజుని మొదటి రోజుగా లెక్కపెట్టండి. వికారం, వాంతులు మొదటి రోజు నుంచి ఐదో రోజు దాకా. నోటిపూత సాధారణంగా ఐదో రోజుకీ పదో రోజుకీ మధ్య మొదలవుతుంది. తెల్లకణాలు ఏడో రోజు నుంచి పడుతూ పది నుంచి పద్నాలుగో రోజు మధ్య అడుగుకి చేరతాయి, ఆ అడుగునే నాదిర్ అంటాం, తర్వాత మెల్లగా లేచి 21వ రోజుకి మళ్లీ డోసు ఇవ్వగలిగేంత అవుతాయి.

మందు పడిన మర్నాడే కణాలు ఎందుకు పడిపోవు అని అడుగుతారు కదా. మజ్జలో ఇప్పటికే తయారై నిలవున్న న్యూట్రోఫిల్స్, అంటే బ్యాక్టీరియాతో పోరాడే తెల్లకణాలు, కొన్ని రోజులు సరిపోతాయి. కీమో చంపింది వాటి వెనక పుట్టాల్సిన వాటిని. నిలవ అయిపోయిన రోజున గానీ ఆ లోటు బయటపడదు. అందుకే మూడో రోజున కౌంట్ బాగుందని చూసి నిశ్చింతగా ఉండకూడదు.

ఇప్పుడు అదే ఫిర్యాదు రెండు వేర్వేరు రోజుల్లో వచ్చిందనుకోండి. మూడో రోజున "వాంతులవుతున్నాయి, నీరసంగా ఉంది" అంటే ఆలస్యంగా వచ్చే వాంతులే అయి ఉండొచ్చు. అదే మాట పదకొండో రోజున అంటే నా గుండె ఝల్లుమంటుంది, ముందు ఇన్‌ఫెక్షన్‌నే అనుమానిస్తాను. కీమో వాంతులు అప్పటికి తగ్గిపోయి ఉండాలి.

వాంతులు ఎన్ని రకాలు? పరీక్షలో అడుగుతున్నారు.

ముఖ్యంగా మూడు గుర్తుపెట్టుకోండి. మందు ఎక్కించిన 24 గంటల్లోపు వచ్చేవి ఒకటి, 24 గంటల తర్వాత ఐదో రోజు దాకా వచ్చేవి రెండోది, మందు ఇంకా పడకముందే, ఆసుపత్రి వాసన తగలగానే వచ్చేవి మూడోది.

మొదటి రకంలో పేగు గోడలోని కొన్ని కణాలు దెబ్బతిని సెరటోనిన్‌ని వదులుతాయి. అది అక్కడి వేగస్ నరాన్ని రెచ్చగొడితే ఆ కబురు మెదడు కాండంలోని వాంతి కేంద్రానికి వెళ్తుంది. ఆన్‌డాన్‌సెట్రాన్, పాలనోసెట్రాన్ ఆపేది ఈ దారినే. రెండో రకంలో ఎక్కువ పాత్ర సబ్‌స్టెన్స్ పి అనే పదార్థానిది. దాని దారిని ఆపేది అప్రెపిటెంట్. ఈ తేడా అర్థమైతే మూడో రోజు వాంతులకి ఆన్‌డాన్‌సెట్రాన్ ఒక్కటే మళ్లీ మళ్లీ ఇస్తే ఎందుకు సరిపోదో మీకే తెలుస్తుంది.

మన పేషెంట్‌కి మొదటి రోజు ఏం ఇస్తారు? నర్సు చూసుకోవాల్సింది ఏంటి?

ఆవిడ శరీర ఉపరితలం లెక్క వేస్తే దాదాపు 1.49 చదరపు మీటర్లు వచ్చింది. చదరపు మీటరుకి డాక్సోరూబిసిన్ 60 మిల్లీగ్రాములు, సైక్లోఫాస్ఫమైడ్ 600 మిల్లీగ్రాముల లెక్కన సుమారు 90, 900 మిల్లీగ్రాములు. ఇద్దరు నర్సులు విడివిడిగా ఈ లెక్క వేసి సరిచూసుకున్నాకే మందు కలుపుతాం. ఈ రెండూ కలిస్తే వాంతులు తెప్పించడంలో అన్నిటికంటే పై వర్గంలోకి వస్తాయి, కాబట్టి వాంతుల మందులు కూడా గట్టిగానే ఉండాలి.

ఆవిడకి డాక్టర్ రాసినవి ఇవి. కీమోకి గంట ముందు అప్రెపిటెంట్ 125 మిల్లీగ్రాముల క్యాప్సూల్, అరగంట ముందు పాలనోసెట్రాన్ 0.25 మిల్లీగ్రాములు నరానికి, డెక్సామెథసోన్ 12 మిల్లీగ్రాములు, రాత్రికి ఓలాంజపిన్ 5 మిల్లీగ్రాములు. రెండు, మూడో రోజుల్లో అప్రెపిటెంట్ 80 మిల్లీగ్రాములు ఇంట్లో వేసుకోవాలి. ఓలాంజపిన్ నాలుగో రాత్రి దాకా.

ఇక్కడ టైమ్‌దే అంతా. బెడ్లు నిండి ఒత్తిడి ఎక్కువైన రోజున వాంతుల మందూ కీమో మందూ ఒకేసారి తగిలించేయాలనిపిస్తుంది. దయచేసి అలా చేయకండి. వాంతి కేంద్రానికి కబురు అందకముందే దారి మూసేయాలి, ఒకసారి వాంతులు మొదలయ్యాక ఆపడం చాలా కష్టం.

డెక్సామెథసోన్‌ని గబుక్కున తోసేస్తే పేషెంట్‌కి మర్మాంగాల దగ్గర భరించలేని మంట, దురద వస్తాయి, పాపం సిగ్గుతో చెప్పుకోలేరు. నెమ్మదిగా, పలుచన చేసి ఇవ్వండి, ముందుగానే ఒక మాట చెప్పండి. షుగర్ ఉన్నవాళ్లకి డెక్సా పడ్డాక షుగర్ పెరుగుతుంది, చెక్ చేయాలి. ఓలాంజపిన్ మత్తుగా ఉంటుంది కాబట్టి రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు ఎవరైనా తోడుండాలని ఇంట్లోవాళ్లకి చెప్పాలి. ఇంకో మాట, డాక్సోరూబిసిన్ ఎర్రటి మందు, ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. ఇది చెప్పకుండా పంపితే రక్తం పోతోందని రాత్రికి రాత్రే పరిగెత్తుకొస్తారు.

మూడో రోజు ఇంటి నుంచి ఫోన్ చేసి "సిస్టర్, ఏమీ తినలేకపోతోంది, డోకులొస్తున్నాయి" అంటే?

ముందు ప్రశ్నలు అడగండి. 24 గంటల్లో ఎన్నిసార్లు వాంతి అయింది? నీళ్లైనా నిలుస్తున్నాయా? మూత్రం చివరిసారి ఎప్పుడు పోసుకుంది, రంగు ఎలా ఉంది? లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా? ఇచ్చిన మాత్రలు నిజంగా వేసుకుందా? ఈ ఆఖరి ప్రశ్న చాలామంది అడగరు. మొదటి రోజు బాగానే ఉందని "అనవసరంగా మందులెందుకులే" అని మిగతా క్యాప్సూల్స్ అలమరాలో పెట్టేసినవాళ్లని నేను ఎంతమందిని చూశానో.

విరేచనం అయిందా అని కూడా అడగండి. ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటి మందులు మలబద్ధకం చేస్తాయి, నాలుగు రోజులు కడుపు బిగిసి ఉంటే దానివల్ల కూడా వికారం వస్తుంది.

తిండి విషయంలో నేను ఇంటివాళ్లకి చెప్పేది ఏంటంటే, మూడు పూటలా కంచం నిండా పెట్టి తినమని బతిమాలొద్దు. రెండు గంటలకోసారి నాలుగు ముద్దల పెరుగన్నం, సగం ఇడ్లీ, పలుచని రాగి జావ, అంతే. వేడివేడిగా వద్దు, చల్లారాక పెట్టండి, వేడి తిండికి వాసన ఎక్కువ. తాలింపు వేసేటప్పుడు, చేపలు వండేటప్పుడు ఆవిడని వంటింటికి దూరంగా కూర్చోబెట్టండి. ఆవిడకి బాగా ఇష్టమైన వంటకాన్ని ఈ నాలుగు రోజులు పెట్టకండి కూడా, వాంతితో ముడిపడితే తర్వాత జన్మలో ఆ కూర ముట్టుకోదు.

24 గంటలుగా నీళ్లు కూడా నిలవకపోతే, మూత్రం బాగా తగ్గిపోతే, వాంతిలో రక్తం కనపడితే ఫోన్‌లో సలహాలు ఆపేసి రమ్మని చెప్పండి. సెలైన్, ఎలక్ట్రోలైట్స్ పరీక్ష, వేరే దారిలో పనిచేసే వాంతుల మందు, ఇవన్నీ ఆసుపత్రిలోనే కుదురుతాయి. పైగా సైక్లోఫాస్ఫమైడ్ మూత్రాశయం పొరని కాలుస్తుంది, నీళ్లు తాగక మూత్రం నిలిచిపోతే ఆ మంట ఇంకా ఎక్కువ.

వాంతి, మూత్రం శుభ్రం చేసేవాళ్లు కనీసం 48 గంటల పాటు గ్లవ్స్ వేసుకోవాలని కూడా చెప్పి పంపండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని ఆమె చేయకూడదు.

సూది గుచ్చకముందే వాంతి చేసుకుంటారు కొందరు. అది నటనా?

కాదు, ఆ మాట వార్డులో ఎవరన్నా అంటే నాకు నిజంగా బాధేస్తుంది. మొదటి సైకిల్‌లో వాంతులు బాగా అయినవాళ్లకి స్పిరిట్ వాసన, ఆ కుర్చీ, ఒక్కోసారి నర్సు మొహం కూడా వాంతితో ముడిపడిపోతాయి. రెండు, మూడో సైకిల్ నుంచి కనిపిస్తుంది. మామూలు వాంతుల మందులు దీని మీద పెద్దగా పనిచేయవు. ముందురోజు రాత్రి లోరాజెపామ్ లాంటి ఆందోళన తగ్గించే మాత్ర డాక్టర్ రాస్తారు, కుర్చీ మార్చడం, పాటలు పెట్టుకోవడం, నెమ్మదిగా ఊపిరి తీయించడం కొందరికి పనికొస్తాయి. అసలైన నివారణ మాత్రం మొదటి సైకిల్‌లోనే వాంతులు రాకుండా చూడటం.

ఏఎన్‌సీ ఎలా లెక్కపెట్టాలి? నాకు ఎప్పుడూ తప్పుతోంది.

ఏఎన్‌సీ అంటే ఒక మైక్రోలీటర్ రక్తంలో ఉన్న న్యూట్రోఫిల్స్ అసలు సంఖ్య. మొత్తం తెల్లకణాల సంఖ్యని న్యూట్రోఫిల్స్ శాతంతో (బ్యాండ్ కణాలు రిపోర్ట్‌లో ఉంటే వాటి శాతం కూడా కలిపి) గుణించి 100తో భాగించాలి.

మన పేషెంట్‌కి పదకొండో రోజున మొత్తం తెల్లకణాలు 1,100. న్యూట్రోఫిల్స్ 26 శాతం, బ్యాండ్స్ 4 శాతం, మొత్తం 30. 1,100 ఇంటూ 30 బై 100, అంటే 330.

1,500 కంటే తగ్గితే తక్కువ అంటాం, 1,000 కింద జాగ్రత్త, 500 కింద ప్రమాదం. విద్యార్థులు చేసే పొరపాటు ఏంటంటే మొత్తం తెల్లకణాల సంఖ్య ఒక్కటి చూసి వదిలేయడం. 2,400 ఉన్నాయి, ఫర్వాలేదు అనుకుంటారు, న్యూట్రోఫిల్స్ 15 శాతమే అయితే ఏఎన్‌సీ 360. లెక్క వేసేదాకా తెలియదు.

జ్వరం ఎంత ఉంటే ఎమర్జెన్సీ?

నోటిలో పెట్టి చూస్తే ఒక్కసారి 101 ఫారెన్‌హీట్, లేదా 100.4 వచ్చి గంటసేపు తగ్గకుండా ఉంటే. ఏఎన్‌సీ 500 కంటే తక్కువగా ఉన్నా, రాబోయే 48 గంటల్లో అంత తక్కువకి పడుతుందని అనుకున్నా ఆ జ్వరాన్ని ఫెబ్రైల్ న్యూట్రోపీనియా అంటాం. ఇంట్లోవాళ్లకి మాత్రం నేను ఇన్ని చెప్పను. "100.4 చూపించిందంటే ఇంకేమీ ఆలోచించొద్దు, అర్ధరాత్రైనా బయల్దేరండి" అని ఒక్క అంకె చెబుతాను. డిజిటల్ థర్మామీటర్ కొన్నారా లేదా అని అడిగి, వాళ్ల చేతే ఒకసారి చూపించి పంపుతాను. చెయ్యి పెట్టి చూసి "ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంది" అనడం ఈ రోజుల్లో పనికిరాదు.

ఈ పేషెంట్లకి ఇన్‌ఫెక్షన్ గుర్తులు సరిగ్గా కనిపించవని మరిచిపోకండి. చీము అంటే చాలావరకు చచ్చిన న్యూట్రోఫిల్సే కదా, అవే లేనప్పుడు చీము ఎక్కడిది? కేన్యులా చోట కొంచెం ఎరుపు, కొంచెం నొప్పి, అంతే ఉంటుంది. న్యుమోనియా ఉన్నా మొదట్లో కఫం రాకపోవచ్చు. చాలాసార్లు జ్వరం ఒక్కటే సాక్ష్యం.

మరి జ్వరం లేకపోతే నిశ్చింతగా ఉండొచ్చా?

దీనికి జవాబుగా మన పేషెంట్ పదకొండో రోజు రాత్రి చెబుతాను.

సాయంత్రం ఆరింటికి ఆవిడకి చలి పుట్టింది, ఇంట్లో థర్మామీటర్ 101.4 చూపించింది. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే పారాసిటమాల్ ఇచ్చాడు, చెమట పట్టి జ్వరం దిగింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తొమ్మిదింటికి మళ్లీ వణుకు, ఈసారి మాట కూడా తడబడుతోందని కొడుకు కారులో తీసుకొచ్చాడు. క్యాజువాలిటీకి చేరేసరికి రాత్రి 10:40.

అక్కడ టెంపరేచర్ 99.6. ఆ అంకె ఒక్కటే చూసిన పిల్లనర్స్ ఎవరైనా "జ్వరం పెద్దగా లేదు, కూర్చోండమ్మా" అనే ప్రమాదం ఉంది. కానీ పల్స్ 124, బీపీ 86/54, శ్వాస నిమిషానికి 26. "అమ్మా, కీమో ఎప్పుడు ఎక్కించారు?" అని అడిగితే లెక్క పదకొండో రోజు. "ఏమైనా మాత్ర వేసుకున్నారా?" అంటే పారాసిటమాల్. అంటే జ్వరం తగ్గలేదు, మాత్ర దాన్ని కప్పేసింది. పల్స్, బీపీ అసలు సంగతి చెబుతున్నాయి.

10:45కి ఆవిడని జనం మధ్య నుంచి తీసి విడి గదిలో పడుకోబెట్టారు, డ్యూటీ డాక్టర్‌కి "కీమో పదకొండో రోజు, ఇంట్లో జ్వరం 101.4, బీపీ 86, సెప్సిస్ అనుమానం" అని ఒక్క ముక్కలో చెప్పారు. 10:55కి బ్లడ్ కల్చర్ రెండు సెట్లు తీశారు, ఆవిడకి పోర్ట్ ఉంది కాబట్టి ఒకటి పోర్ట్ నుంచి, ఒకటి చేతి నరం నుంచి. దాంతోపాటే సీబీసీ, లాక్టేట్, కిడ్నీ పరీక్షలు. సెలైన్ ధారగా మొదలైంది, కిలోకి 30 మిల్లీలీటర్ల లెక్కన 52 కిలోలకి లీటరున్నర పైచిలుకు, మొదటి మూడు గంటల్లో. పెన్సిలిన్ పడదా అని అడిగి, 11:05కి పిపెరాసిలిన్ టాజోబాక్టమ్ 4.5 గ్రాములు ఎక్కించడం మొదలుపెట్టారు.

సీబీసీ రిపోర్ట్ వచ్చింది 11:50కి, ఆ 330 అప్పుడు తెలిసింది. యాంటీబయోటిక్ అప్పటికే పడిపోయింది, చూశారా. వచ్చిన గంటలోపు మొదటి డోసు పడాలన్నది నియమం, రిపోర్ట్ కోసం ఆగి ఉంటే ఆ గంట దాటిపోయేది. కల్చర్ యాంటీబయోటిక్ కంటే ముందు తీయాలి, నిజమే, కానీ నరం దొరకక కల్చర్ ఆలస్యమవుతుంటే మందు ఆపుకుని కూర్చోకూడదు.

తర్వాత నర్సు పని ఇంకా ఎక్కువ. మొదటి గంటలో 15 నిమిషాలకోసారి పల్స్, బీపీ, శ్వాస, ఆక్సిజన్. గంటగంటకీ మూత్రం కొలత, కిలోకి గంటకి అర మిల్లీలీటర్ కంటే, అంటే ఆవిడకి 26 మిల్లీలీటర్ల కంటే తగ్గితే డాక్టర్‌కి చెప్పాలి. సెలైన్ పూర్తయినా పై బీపీ 90 దాటకపోతే ఐసీయూ.

ఏఎన్‌సీ తక్కువున్న పేషెంట్‌కి చేయకూడనివి?

మలద్వారంలో థర్మామీటర్, ఎనిమా, సపోజిటరీ ఏదీ వద్దు, అక్కడ చిన్న గీత పడినా పేగులోని బ్యాక్టీరియా నేరుగా రక్తంలోకి వెళ్తుంది. కండకి ఇంజెక్షన్ వీలైనంతవరకు మానాలి. జ్వరం చూడకుండా పారాసిటమాల్ ఇవ్వకూడదు. జలుబు, దగ్గు ఉన్న నర్సు ఆ గదికి డ్యూటీ వేయించుకోకూడదు.

చేయాల్సినవాటిలో అన్నిటికంటే పనికొచ్చేది చేతులు కడుక్కోవడం. మాస్కులు, గౌన్లు అంటూ హడావుడి చేసి చేతులు మాత్రం కడగకుండా పోర్ట్ ముట్టుకుంటారు, అది చూస్తే నాకు కోపం వస్తుంది. పోర్ట్ హబ్‌ని స్పిరిట్ స్వాబ్‌తో 15 సెకన్లు గట్టిగా రుద్ది, ఆరనిచ్చి, అప్పుడే సిరంజి పెట్టండి. షిఫ్ట్‌కోసారి నోరు, చంకలు, కేన్యులా చోటు, పిరుదుల మడత వెలుతురులో చూడండి. మలవిసర్జన చేసేటప్పుడు నొప్పి ఉందా అని అడగండి, అడిగితేనే చెబుతారు.

రక్తం తగ్గితే రక్తం ఎక్కిస్తారు, ప్లేట్‌లెట్లు తగ్గితే ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారు. తెల్లకణాలు ఎక్కించరా?

మామూలుగా ఎక్కించరు, న్యూట్రోఫిల్స్ రక్తంలోకి వచ్చాక గంటల లెక్కనే బతుకుతాయి, నిలవ ఉంచడం కుదరదు. మజ్జనే తొందరగా తయారుచేయమని ఉసిగొల్పే ఇంజెక్షన్ ఇస్తారు, ఫిల్‌గ్రాస్టిమ్ రోజూ కిలోకి 5 మైక్రోగ్రాముల చొప్పున, లేదా పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ 6 మిల్లీగ్రాములు సైకిల్‌కి ఒక్కసారి. రెండూ చర్మం కిందే. కీమో అయిన 24 గంటలు గడవకుండా ఇవ్వకూడదు, ఎందుకంటే ఉసిగొల్పి విడిపోతున్న కొత్త కణాల్నే కీమో చంపేస్తుంది. ఇంజెక్షన్‌ని ఇంటికి తీసుకెళ్లేవాళ్లకి ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెట్టాలని, డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదని చెప్పండి. నడుము, తొడ ఎముకలు లాగుతాయి, అది మజ్జ పనిచేస్తున్న నొప్పి. ఆ నొప్పికి పారాసిటమాల్ వేసుకునే ముందు కూడా టెంపరేచర్ చూసుకోవాలి.

బొప్పాయి ఆకు రసం గురించి ప్రతి ఇంట్లోనూ అడుగుతారు. అది తెల్లకణాల్ని పెంచుతుందని రుజువు లేదు, సరిగా కడగని పచ్చి ఆకు రసంలో క్రిములు ఉంటాయి, నోటిపూత ఉన్న నోట్లో మంట. వద్దని మెత్తగా, కారణం చెప్పి వివరించండి, కసిరితే చాటుగా తాగిస్తారు.

పచ్చి కూరలు, పండ్లు అన్నీ మానేయాలా?

అన్నీ మాన్పించే పాత పథ్యం వల్ల ఇన్‌ఫెక్షన్లు తగ్గినట్టు తేలలేదు, ఉన్న కాస్త తిండీ పోతుంది. బాగా కడిగి తొక్క తీసిన పండు పెట్టొచ్చు. బయట కోసిపెట్టిన పండు ముక్కలు, బండి మీది పచ్చి చట్నీ, పానీపూరి, సగం ఉడికిన గుడ్డు, కాచని పాలు, నిన్నటి అన్నం మాత్రం వద్దు. కాచి చల్లార్చిన నీళ్లు.

నోటి పుండ్లు ఎలా చూడాలి? "నోరు తెరవండమ్మా" అంటే సరిపోతుందా?

సరిపోదు. టార్చ్, నాలుక అదిమే పుల్ల, గ్లవ్స్ తీసుకోండి. కట్టుడు పళ్లుంటే తీయించండి. కింది పెదవి లోపలివైపు, బుగ్గల లోపల, నాలుక పక్కలు, నాలుక కింద, మెత్తటి అంగిలి, ఈ వరుసలో చూడండి. నాలుక పైభాగం మాత్రమే చూసి కేస్ షీట్‌లో "నోరు బాగుంది" అని రాసేస్తారు, పుండ్లు ఉండేవి మాత్రం పక్కన, కింద.

మన పేషెంట్ ఏడో రోజున ఫోన్ చేసి "కారం తగిలితే నోరు భగ్గుమంటోంది" అంది. అప్పుడు ఎరుపే, పుండు లేదు. తొమ్మిదో రోజుకి నాలుక ఎడమ పక్కన కందిగింజంత పుండు, చుట్టూ ఎర్రగా, మధ్యలో పాలిపోయి. మెత్తటి అన్నం తినగలుగుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానంలో ఎరుపూ మంటా మాత్రమే ఉంటే మొదటి గ్రేడ్, పుండ్లు ఉన్నా గట్టి ఆహారం తినగలిగితే రెండోది, ద్రవాలే దిగుతుంటే మూడోది, నోటితో ఏమీ తీసుకోలేకపోతే నాలుగోది. అంటే ఆవిడ మొదటి గ్రేడ్ నుంచి రెండుకి వచ్చింది. పుండు ఎంత పెద్దదన్నదాని కంటే ఏం తినగలుగుతోందన్నదే గ్రేడ్‌ని తేలుస్తోంది, గమనించండి.

ఇప్పుడు రెండు విషయాలు కలపండి. తొమ్మిదో రోజున నోట్లో పుండు, పదకొండో రోజున ఏఎన్‌సీ 330. నోట్లో ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియాకి ఆ పుండు తలుపు తీసింది, కాపలా ఉండాల్సిన కణాలు లేవు. ఆ రాత్రి జ్వరానికి దారి అదే అయి ఉండొచ్చని డాక్టర్ అనుమానించారు. అందుకే నోటిపూతని "చిన్న సమస్యేలే" అనుకోవద్దని అంటాను.

పుక్కిలించడానికి ఏం ఇవ్వాలి?

ఇంట్లో దొరికేవే. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక టీస్పూన్ ఉప్పు, ఒక టీస్పూన్ వంటసోడా. తిన్న ప్రతిసారీ, పడుకోబోయే ముందు, మొత్తం మీద రోజుకి నాలుగు నుంచి ఆరుసార్లు, నోట్లో అరనిమిషం తిప్పి ఉమ్మేయాలి, మింగకూడదు. రోజూ కొత్తగా కలుపుకోవాలి. ఇది పుండుని మాన్పే మందు కాదు, నోటిని శుభ్రంగా, తడిగా ఉంచుతుంది.

మెత్తటి బ్రష్, ఇంకా నొప్పైతే గోరువెచ్చటి నీళ్లలో ముంచి మెత్తబరిచాక వాడాలి. వేప పుల్ల, బొగ్గు, ఉప్పుతో పళ్లు రుద్దడం ఈ రోజుల్లో వద్దు. స్పిరిట్ ఉన్న మౌత్‌వాష్ కూడా వద్దు, మంట పెట్టి నోటిని ఎండబెడుతుంది. ఊరగాయ, మిరపకాయ బజ్జీ, పులుసు, జంతికల్లాంటి గరుకువి ఆపాలి. అన్నంలో పెరుగో పప్పో మెత్తగా కలిపి చల్లారాక పెట్టాలి. ఆవకాయ లేకుండా ముద్ద దిగదనే పెద్దవాళ్లని ఒప్పించడం తేలిక కాదు, "పది రోజులే అమ్మమ్మా" అని రోజుల లెక్క చెబితే వింటారు. పొగాకు, గుట్కా, వక్క పూర్తిగా మానాలి.

నొప్పికి జెల్ రాస్తే సరిపోతుందా? తెల్లగా పూత ఉంటే?

తినే ముందు లిగ్నోకైన్ జెల్ లేదా ద్రవం వాడితే కాసేపు తిమ్మిరెక్కి తినగలుగుతారు. అయితే తిమ్మిరెక్కిన నోటికి వేడి తెలియదు, నాలుక కొరుక్కున్నా తెలియదు, గొంతు దాకా వెళ్తే పొలమారుతుంది. కాబట్టి చల్లార్చిన తిండి, నిటారుగా కూర్చోబెట్టి. మూడో గ్రేడ్ దాటితే జెల్‌తో పని జరగదు, మార్ఫిన్ స్థాయి మందులు కావాలి, నరం ద్వారా ద్రవాలు కావాలి. నొప్పి స్కోర్ రాసి డాక్టర్‌కి చెప్పడానికి సంకోచించకండి.

పెరుగు మీగడలా తెల్లటి మచ్చలు ఉండి, గాజుగుడ్డతో తుడిస్తే ఊడి వచ్చి కింద ఎర్రగా కనిపిస్తే క్యాండిడా అనే ఫంగస్‌ని అనుమానించాలి. దానికి నిస్టాటిన్ చుక్కలు నోట్లో వీలైనంతసేపు ఉంచుకుని మింగాలి, లేదంటే ఫ్లుకోనజోల్. చుక్కలు వేసిన వెంటనే నీళ్లు తాగితే మందంతా కొట్టుకుపోతుంది, ఓ అరగంట ఆగాలి. పెదవుల చుట్టూ చిన్న నీటిపొక్కులు గుంపుగా ఉంటే హెర్పిస్ కావచ్చు, అది వేరే మందు. ఉప్పునీళ్లతో సరిపెట్టి చెప్పకుండా ఉండొద్దు.

ఐస్ ముక్కలు చప్పరిస్తే పుండ్లు రావంటారు, అందరికీ ఇవ్వొచ్చా?

అందరికీ కాదు. 5-ఫ్లూరోయురాసిల్‌ని ఒక్కసారిగా నరానికి తోసి ఇచ్చేటప్పుడు ఐదు నిమిషాల ముందు మొదలుపెట్టి అరగంట ఐస్ చప్పరిస్తే నోటి రక్తనాళాలు ముడుచుకుని మందు అక్కడికి తక్కువ చేరుతుంది, పుండ్లు తగ్గుతాయి. ఆ మందు రక్తంలో కొద్దిసేపే ఉంటుంది కాబట్టి ఈ కిటుకు పనిచేస్తుంది. 46 గంటల పంప్‌లో ఇస్తే అంతసేపు ఐస్ పెట్టలేం కదా. ఆక్సాలిప్లాటిన్ పడుతున్నవాళ్లకి మాత్రం ఐస్ అసలు ఇవ్వకండి, చల్లటిది తగిలితే గొంతు బిగుసుకుపోయినట్టై ఊపిరి ఆడట్లేదని భయపడిపోతారు. ఇవ్వబోయే ముందు కేస్ షీట్‌లో మందు పేరు చూడండి.

తర్వాతి సైకిల్‌కి వచ్చినప్పుడు ఏం చూడాలి?

మన పేషెంట్ ఏడు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వెళ్లింది, 22వ రోజున రెండో సైకిల్‌కి వచ్చింది. చాలా ప్రోటోకాల్స్‌లో ఏఎన్‌సీ కనీసం 1,500, ప్లేట్‌లెట్లు లక్ష ఉంటేనే మందు ఇస్తారు. ఆవిడకి ఏఎన్‌సీ 1,240. ఒక వారం వాయిదా వేశారు. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది, "మందు ఆపేస్తే జబ్బు పెరగదా సిస్టర్?" అని. ఆ ప్రశ్నకి డాక్టర్ వచ్చేదాకా ఆగకుండా పక్కన కూర్చుని, ఎందుకు ఆపారో 330 అంకె గుర్తుచేసి చెప్పాను.

వారం తర్వాత ఏఎన్‌సీ 2,100, పుండు మానింది. ఈసారి కీమో అయిన మర్నాడు పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ రాశారు. ఇంటికి పంపేటప్పుడు ఆవిడ కొడుకుతో గోడ క్యాలెండర్ తెప్పించి, మందు పడిన తేదీ మీద 1 వేయించాను, 7 నుంచి 14 దాకా తేదీల చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీయించాను. ఆ ఎర్ర గీత ఉన్న రోజుల్లో పొద్దున, సాయంత్రం టెంపరేచర్ చూసి ఆ గడిలోనే రాయాలి, మాత్ర వేసుకునే ముందు ఇంకోసారి. వార్డు ఫోన్ నంబర్ క్యాలెండర్ కిందే రాశాం. అతను అడిగింది ఒక్కటే, "రాత్రి రెండింటికైనా ఎత్తుతారా?" ఎత్తుతామని చెప్పి, అతని ముందే ఆ నంబర్‌కి డయల్ చేసి మోగించి చూపించాను.